వ్యూస్ 6,200, వాచ్ టైమ్ 41 గంటలేనా?

ప్రశ్న: జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో, 9 నిమిషాలది, జనవరి 16 పొద్దున్న 10కి యూట్యూబ్‌లో పెట్టానండి. ఇప్పుడు 17 సాయంత్రం 7. రియల్‌టైమ్‌లో 6,200 వ్యూస్ ఉన్నాయి, రీచ్‌లో చూస్తే ఇంప్రెషన్స్ 5,400, వాచ్ టైమ్ 41.6 గంటలే. తేదీలవారీ టేబుల్‌తో సహా స్క్రీన్‌షాట్ పెట్టాను. ఇంప్రెషన్స్ కన్నా వ్యూస్ ఎక్కువెలా ఉంటాయి? భాగిస్తే మనిషి 24 సెకన్లే చూసినట్టు వస్తోంది. డిలీట్ చేసి కొత్త థంబ్‌నెయిల్‌తో మళ్ళీ పెట్టెయ్యనా?

సమాధానం:

తీసెయ్యకండి బాబూ, ముందు చెయ్యి ఆ బటన్ మీద నుంచి తియ్యండి. మీ వీడియో బానే నడుస్తోంది. మీరు భాగించిన రెండు అంకెలు ఒకే కాలానివి కావు, తిరకాసంతా అక్కడే ఉంది. 6,200 అనేది మీరు పెట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా గడిచిన 33 గంటలది. 41.6 గంటల వాచ్ టైమ్ మాత్రం, మీ స్క్రీన్‌షాట్ కింద టేబుల్‌ని బట్టి చూస్తే, మొదటి మూడున్నర గంటలదే. నేను ఊరికే అనట్లేదు, ఆ టేబుల్‌లో ఒక్క తేదీయే ఉంది, అది జనవరి 15. మీరు పెట్టింది 16న కదా, మరి 15 ఎక్కడినుంచొచ్చింది అని మీకు డౌట్ రాలేదా? అక్కణ్ణుంచే మొదలెడదాం.

యూట్యూబ్ అనలిటిక్స్‌లో రోజు అంటే మన రోజు కాదండి, అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం రోజు. వాళ్ళకి అర్ధరాత్రి 12 అయ్యేసరికి చలికాలంలో మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అవుద్ది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్ళు గడియారం ఓ గంట ముందుకి తిప్పుకుంటారు కాబట్టి ఆ నెలల్లో పన్నెండున్నర. అంటే యూట్యూబ్ లెక్కలో తేదీ మారేది మనం భోజనానికి కూర్చునే వేళకన్నమాట. మీరు 16 పొద్దున్న పదింటికి పెట్టారు, అప్పటికి అక్కడ ఇంకా 15 రాత్రి ఎనిమిదిన్నరే. ఆ 15వ తేదీ మనకి 16 మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అయిపోయింది. కాబట్టి మీ వీడియోకి అనలిటిక్స్‌లో పడ్డ మొదటి రోజు మొత్తం కలిపితే పదింటి నుంచి ఒకటిన్నర దాకా, మూడున్నర గంటలు. ఆ తర్వాత 16వ తేదీ మొదలై, ఇవాళ మధ్యాహ్నం ఒకటిన్నరకి ముగిసింది. మీరు స్క్రీన్‌షాట్ తీసింది సాయంత్రం ఏడింటికి, అంటే ఆ రోజు ముగిసి అయిదున్నర గంటలే అయింది, దాని లెక్క ఇంకా తయారవ్వలేదు. ఇక ఒకటిన్నర తర్వాత ఇప్పటిదాకా వచ్చినవైతే 17వ తేదీ ఖాతాలో పడాలి, ఆ రోజు ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ ఒక్క తేదీ లైనే పట్టుకుని లెక్క చూద్దాం. టేబుల్‌లో 15వ తేదీ ఎదురుగా వ్యూస్ 780, ఇంప్రెషన్స్ 5,400, క్లిక్ త్రూ రేట్ 7.8 శాతం, వాచ్ టైమ్ 41.6 గంటలు. 41.6 గంటలంటే 2,496 నిమిషాలు, దాన్ని 780తో భాగించండి, 3.2 నిమిషాలు వస్తది, అంటే 3 నిమిషాల 12 సెకన్లు. తొమ్మిది నిమిషాల వీడియోకి మూడింట ఒక వంతు పైనే చూస్తున్నారు. మీరు అదే 2,496 నిమిషాల్ని 6,200తో భాగించారు, అందుకే 24 సెకన్లు వచ్చింది. పైన పెట్టిన వాచ్ టైమ్ 16 మధ్యాహ్నానికి ఆగిపోయింది, కింద పెట్టిన వ్యూస్ ఇవాళ సాయంత్రం దాకా పరిగెట్టేశాయి, ఇంక ఆ భాగహారానికి అర్థమేముంటది.

ఇంప్రెషన్స్ కన్నా వ్యూస్ ఎక్కువెలా అన్నారు కదా, దానికి సగం జవాబు ఇదే, 5,400 కూడా ఆ మూడున్నర గంటలదే. మిగతా సగం వేరే ఉంది, అది లేట్ వల్ల కాదు, లెక్క మొత్తం వచ్చాక కూడా అలాగే ఉంటది. ఇంప్రెషన్ అంటే మీ థంబ్‌నెయిల్ యూట్యూబ్‌లో ఒకరి స్క్రీన్ మీద కనీసం సగం కనపడేలా, ఒక సెకను పైన నిలబడితే ఒకటి. హోమ్, సెర్చ్, పక్కన వచ్చే సజెస్టెడ్, సబ్‌స్క్రిప్షన్స్ ఇలాంటి చోట్లే లెక్కేస్తారు. వాట్సాప్‌లో లింక్ నొక్కి వచ్చినోళ్ళు, ఫేస్‌బుక్ నుంచి వచ్చినోళ్ళు, బెల్ నోటిఫికేషన్ మీద నొక్కినోళ్ళు, వేరే వీడియో ఎండ్ స్క్రీన్ నుంచి వచ్చినోళ్ళు, వీళ్ళందరివీ వ్యూస్‌లో పడతాయి గానీ ఇంప్రెషన్స్‌లో పడవు. మీ 5,400లో 7.8 శాతం అంటే సుమారు 421. అంటే ఆ మొదటి పూట వచ్చిన 780 వ్యూస్‌లో 421 మాత్రమే థంబ్‌నెయిల్ చూసి నొక్కినవి, మిగతా 359 మీరు ఊరి గ్రూపుల్లోనూ, గల్ఫ్‌లో ఉన్న మనోళ్ళ గ్రూపుల్లోనూ పడేసిన లింకుల మీదా నోటిఫికేషన్ల మీదా వచ్చినవి అయ్యుంటాయి. పండక్కి ఇంటికి రాలేనోళ్ళు ప్రభల వీడియో లింక్ కనపడితే ఆగుతారేటండి. ట్రాఫిక్ సోర్స్‌లో ఎక్స్‌టర్నల్ అని ఉంటది చూడండి, దాన్ని నొక్కితే వాట్సాప్ వాటా ఎంతో విడిగా కనపడద్ది. కాకపోతే అది కూడా ఈ ఆలస్యపు లెక్కల్లోదే, ఇవాళ చూస్తే 15వ తేదీదే కనిపిస్తది.

సరే, రియల్‌టైమ్‌లో వ్యూస్ ఇప్పటికిప్పుడు చూపించగలిగినప్పుడు వాచ్ టైమ్, ఇంప్రెషన్స్ ఎందుకు చూపించరు? చాలామంది కావాలని దాస్తున్నారు అనుకుంటారు, కాదండి. రొయ్యల పట్టుబడి రోజు గట్టు మీద నిలబడితే ట్రేలు ఎన్ని లేచాయో అప్పటికప్పుడు చెప్పేయొచ్చు గానీ, టన్నేజీ ఎంత, కౌంట్ ఎంత అన్నది కాటా అయ్యి నీళ్ళ తరుగు తీశాకే కదా తేలేది. రియల్‌టైమ్ ఆ ట్రేల లెక్కలాంటిది, యూట్యూబ్ వాళ్ళే దాన్ని అంచనా అంటారు.

కొంచెం దగ్గరకెళ్ళి చూస్తే ఇంకా బాగా అర్థమవుద్ది. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ పెట్టుకుని, ఏదైనా వీడియో ప్లే చెయ్యండి. ఇలాంటి లైన్లు కనపడతాయి:

```
/api/stats/playback?...&cpn=...
/api/stats/watchtime?...&cpn=...&st=10.5&et=40.2
```

మొదటిది వీడియో మొదలైందని ప్లేయర్ పంపే కబురు. రెండోది చూస్తున్నంతసేపూ మళ్ళీ మళ్ళీ వెళ్తానే ఉంటది, `st` అంటే ఈ ముక్క ఏ సెకను దగ్గర మొదలైంది, `et` అంటే ఎక్కడ ముగిసింది అని. `cpn` అనేది ఆ ఒక్క ప్లేకి పెట్టిన గుర్తు, ఈ ముక్కలన్నీ ఒకే ప్లేవి అని దాన్ని బట్టే తెలుస్తది. ఒకాయన మీ వీడియోలో మొదటి నిమిషం చూసి, డప్పుల దగ్గర ముందుకి జరిపేసి, గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశిక కాలువ దాటే చోట వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాడనుకోండి, ఆ ఒక్క మనిషి దగ్గర్నుంచే నాలుగైదు ముక్కలు వెళ్తాయి. ప్లే మొదలైన సంఖ్యని అంచనా వెయ్యడం తేలిక, ఈ ముక్కలన్నీ కూడి, ఇది నిజం మనిషి చూసిందా, రిఫ్రెష్ కొట్టి పెంచిందా అని తీసెయ్యాల్సినవి తీసేసి గంటలు తేల్చడం అంత తేలిక్కాదు. అందుకే అది పూట పట్టుద్ది, రోజు పట్టుద్ది. ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ అయితే మామూలుగానే ఒకటి నుంచి రెండు రోజులు పడతదని యూట్యూబ్ హెల్ప్ పేజీలోనే ఉంది. ఆ గ్రాఫ్ వచ్చాక కౌశిక దాటే చోట గుట్టలా లేస్తది చూడండి, జనం వెనక్కి తిప్పి చూసిన చోటది.

ఇంప్రెషన్స్‌ది ఇంకో బరువు. ఎంత ఉంటాయో ఊహించుకోండి, క్లిక్ త్రూ రేట్ 5 శాతం అంటే ఒక్క క్లిక్‌కి ఇరవై సార్లు థంబ్‌నెయిల్ చూపించినట్టు. అంటే ఆ క్లిక్స్ కన్నా ఇంప్రెషన్స్ అనేవి ఎన్నో రెట్లు. పైగా రీచ్ ట్యాబ్‌లో గరాటులా ఒక బొమ్మ ఉంటది కదా, `Impressions and how they led to watch time` అని, అందులో కింద గడి నిండాలంటే ఈ థంబ్‌నెయిల్ చూపించడం వల్ల ఈ క్లిక్ వచ్చింది, ఆ క్లిక్ వల్ల ఇన్ని నిమిషాలు వచ్చాయి అని మూడు లెక్కల్ని ఒకదానికొకటి ముడెయ్యాలి. మూడింట్లో ఏది రాకపోయినా ముడి పడదు కదా.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, ఇది ఎక్కువమందికి తెలీదు. అన్ని మెట్రిక్స్ ఒకేసారి తయారవ్వవు. మీలో ఎవరైనా యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ వాడి షీట్‌లోకి లాక్కునేవాళ్ళుంటే ఇది తెలిసే ఉంటది. ఇలా అడిగామనుకోండి:

```
ids=channel==MINE
metrics=views,estimatedMinutesWatched
dimensions=day
filters=video==VIDEO_ID
startDate=2025-01-15
endDate=2025-01-17
```

మనం 17 దాకా అడిగినా, అడిగిన మెట్రిక్స్ అన్నీ ఏ రోజుదాకా సిద్ధంగా ఉన్నాయో ఆ రోజు దాకానే ఇస్తది. ఒకదానికి 16 లెక్క రెడీగా ఉండి, రెండోదానికి 15 దాకానే ఉంటే, మొత్తం 15 దగ్గర ఆగిపోద్ది. దీన్ని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. ఒక్క `views` అడిగితే ఒక రోజు ఎక్కువ రావడం, పక్కన ఇంకోటి చేర్చగానే ఆ రోజు మాయమైపోవడం, ఇలా జరిగితే మీ స్క్రిప్ట్ పాడైపోయిందని కంగారుపడక్కర్లేదు. ఆ పేరులో `estimated` అని ఉండటం కూడా గమనించండి.

మరి ఇది నిజంగా లేటా, లేక వీడియోయే పడుకుందా అని ఎలా తెలుసుకోవాలి? నేను చూసేది ఇలా. ముందు రియల్‌టైమ్ కార్డ్‌లో 48 గంటల బార్లు, 60 నిమిషాల బార్లు చూస్తాను. అవి లేచి ఉండి వాచ్ టైమ్, ఇంప్రెషన్స్ మాత్రం చిన్నగా ఉన్నాయంటే అది లేటే, ఇంకో ఆలోచన లేదు. రియల్‌టైమ్ కూడా నేలకి అతుక్కుపోయి ఉంటే మాత్రం అది లేట్ కాదు, నిజంగానే ఎవరికీ వెళ్ళట్లేదు. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ మోడ్‌లో తేదీలవారీగా టేబుల్ తెరిచి, వాచ్ టైమ్ గడి ఏ తేదీ దాకా నిండిందో చూసుకుని, ఆ తేదీ దాకా కస్టమ్ డేట్స్ పెట్టేస్తాను. ఇక భాగహారాలన్నీ ఆ టేబుల్ లోపలే. రియల్‌టైమ్ అంకె తెచ్చి దీంట్లో కలపను. మామూలుగా రోజు ముగిశాక రెండు రోజుల్లోపు వచ్చేస్తది, మీ 16వ తేదీ లెక్క 19 మధ్యాహ్నానికల్లా కనపడాలి. మూడు నాలుగు రోజులైనా ఆ గడి ఖాళీగానే ఉంటే అప్పుడు మీ ఒక్కరికే అలా ఉందా, అందరికీనా అని చూసుకోవాలి, ఒక్కోసారి అనలిటిక్స్‌కే అందరికీ కలిపి జబ్బు చేస్తది.

డాష్‌బోర్డ్‌లో లేటెస్ట్ వీడియో కార్డ్ కూడా పనికొస్తది. మీ వీడియో పెట్టి ఇన్ని గంటలైంది, ఇదే వయసులో మీ ముందు వీడియోలతో పోలిస్తే 10లో ఎన్నోది అని చెప్తది. వయసుతో వయసుని పోలుస్తది కాబట్టి తేదీల గొడవ దానికి ఉండదు. మీరు చేత్తో పోల్చుకుంటే తప్పకుండా దొర్లుతారు, ఎందుకంటే సాయంత్రం ఏడింటికి పెట్టిన వీడియోకి మొదటి తేదీ గడిలో పద్దెనిమిదిన్నర గంటలు పడతాయి, పొద్దున్న పదింటికి పెట్టినదానికి మూడున్నరే. రెండిటి మొదటి రోజు బార్లు పక్కపక్కన పెట్టి, సాయంత్రం పెడితేనే బాగా వెళ్తోందండి అని ఖరారు చేసేసుకున్న ఛానెల్ వాళ్ళు మన కోనసీమలోనే బోల్డుమంది ఉన్నారు.

ఇప్పటికిప్పుడు వాచ్ టైమ్ ఎంత అయ్యుంటదో అంచనా కావాలంటే వేసుకోవచ్చు, తప్పులేదు. లెక్క తేలిన రోజు సగటు 3.2 నిమిషాలు, దాన్ని 6,200తో గుణిస్తే 330 గంటలు. అయితే మొదటి పూట వచ్చేది మీ సొంత జనం, సబ్‌స్క్రైబర్లు, ఆ ఊళ్ళవాళ్ళు, వాళ్ళు ఎక్కువసేపు చూస్తారు, తర్వాత తెలీనోళ్ళకి వెళ్ళేకొద్దీ సగటు తగ్గుద్ది. అందుకని రెండున్నర నిమిషాలే వేసుకోండి, అప్పుడూ 258 గంటలు వస్తోంది. 250కీ 330కీ మధ్యలో ఎక్కడో తేలుద్ది అనుకుని ఉండండి, రియల్‌టైమ్ అంచనాలోంచి కొన్ని వ్యూస్ తీసేస్తారు కాబట్టి ఇంకాస్త తగ్గినా ఆశ్చర్యపోవద్దు. ఏమైనా 41 మాత్రం కాదు.

క్లిక్ త్రూ రేట్‌కి కూడా ఇదే వర్తిస్తది. 7.8 శాతం చూసి సంబరపడొద్దు, రేపు 16 లెక్క వచ్చాక అది 5కో 4కో దిగితే థంబ్‌నెయిల్ పాడైందని అనుకోవద్దు. ఎక్కువమందికి, మిమ్మల్ని ఎరగనివాళ్ళకి చూపించేకొద్దీ అది దిగడం సహజం. ఛానెళ్ళలో, వీడియోల్లో సగం వాటికి ఇది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటదని యూట్యూబ్ చెప్తది. శాతం దిగింది, ఇంప్రెషన్స్ బాగా పెరిగాయి అంటే బాగుపడుతున్నట్టే. శాతమూ దిగి, ఇంప్రెషన్స్ కూడా ఆగిపోతే అప్పుడు థంబ్‌నెయిల్ గురించి ఆలోచించండి.

మార్చాలనుకుంటే మాత్రం వీడియో తియ్యకుండా థంబ్‌నెయిల్ ఒక్కటే మార్చండి, అదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మార్చండి. ఎందుకంటే తేదీ మారేది అప్పుడే, పాత బొమ్మ లెక్క ఒక తేదీలో, కొత్త బొమ్మ లెక్క తర్వాతి తేదీలో విడివిడిగా పడతాయి. రాత్రి తొమ్మిదింటికి మారిస్తే రెండూ ఒకే గడిలో కలిసిపోయి, ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలీదు. మీ స్టూడియోలో టెస్ట్ అండ్ కంపేర్ ఉంటే అది ఇంకా మేలు, మూడు బొమ్మల దాకా పెట్టొచ్చు, క్లిక్స్‌ని కాకుండా ఏ బొమ్మకి వాచ్ టైమ్ వాటా ఎక్కువో దాన్ని బట్టి చెప్తది, కాకపోతే తేలడానికి రెండు వారాలు పట్టొచ్చు. తీర్థం వీడియోకి రెండు వారాలంటే ఈలోపు జనం పండగ మర్చిపోతారు, దీనికి వద్దు, మీ మిగతా వీడియోలకి చూడండి.

ఇక డిలీట్ సంగతి. మీరు మానిటైజేషన్ కోసం 4,000 గంటలు కూడబెడుతున్నారని మీ పాత పోస్టుల్లో చూశాను. అందులో లెక్కేసేది గడిచిన 365 రోజుల్లో పబ్లిక్ వీడియోల మీద వచ్చిన వాచ్ టైమ్. డిలీట్ చేసినవి, ప్రైవేట్, అన్‌లిస్టెడ్ పెట్టినవి అందులోంచి పోతాయి. అంటే ఇంకా మీ కంటికి కనపడని ఆ రెండొందల చిల్లర గంటల్ని మీ చేత్తో మీరే తుడిచేసుకున్నట్టు అవుద్ది. పైగా వాట్సాప్‌లో తిరుగుతున్న లింక్ చచ్చిపోద్ది, అది నొక్కినోళ్ళకి వీడియో లేదని వస్తది. అర్న్ ట్యాబ్‌లో కనపడే గంటలు కూడా ఇలాగే వెనకబడి ఉంటాయి, అక్కడ ఇవాళ పెరగలేదని కంగారొద్దు, లేట్ అయినంత మాత్రాన గంటలు పోవు, తర్వాత వచ్చి పడతాయి. షార్ట్స్ ఫీడ్‌లో వచ్చిన వాచ్ టైమ్ మాత్రం ఆ 4,000లో చేరదు, ప్రభల క్లిప్ షార్ట్ కూడా పెట్టుంటే దాని గంటలు ఇందులో కలుపుకోకండి.

19 సాయంత్రం అడ్వాన్స్‌డ్ మోడ్‌లో 15, 16 రెండు తేదీల టేబుల్ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, ట్రాఫిక్ సోర్స్‌తో సహా. అప్పుడు థంబ్‌నెయిల్ మార్చాలో వద్దో చెప్తానండి.